ఐదు ట్యూబులతో మూడు ఛాయలు: నల్లటి ముఖం బూడిదగా మారకుండా కలపడం

"మాది అమలాపురం దగ్గర. మా అమ్మమ్మగారింటి ఫోటో ఒకటి చూసి A3 కాన్వాస్ మీద ఆక్రిలిక్‌లో వేస్తున్నాను. పొద్దుటిపూట వరండాలో తీసింది, ఎడమ పక్క నుంచి ఆకాశం వెలుతురు. తాతగారు బాగా నలుపు, అమ్మమ్మ చామనఛాయ, ఒళ్లో పాప పచ్చగా ఉంటుంది. నా దగ్గర టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, కాడ్మియం రెడ్, అల్ట్రామెరైన్ బ్లూ ఉన్నాయి, ఇవి కాక నలుపు. తాతగారి ముఖం ఎన్నిసార్లు వేసినా అయితే బొగ్గులా, లేకపోతే బూడిద రాసినట్టు వస్తోంది. స్కిన్ కలర్ ట్యూబు కొనమంటారా?"

వద్దండి. ఆ ట్యూబులో ఉండే లేత గులాబీ మీ పాపకే సరిగ్గా నప్పదు, తాతగారి దరిదాపులకు కూడా రాదు. మీ దగ్గరున్న ఐదు చాలు. నలుపు ట్యూబు మూత మాత్రం ఈ బొమ్మ పూర్తయ్యేదాకా తీయకండి. బొగ్గులా వస్తున్నది దానివల్లే. బూడిదలా వస్తున్నది వైట్ వల్ల.

బూడిద సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నల్లటి ఛాయ వేసేవాళ్లలో ఎక్కువమంది తడబడేది అక్కడే. ముదురు గోధుమరంగులో టైటానియం వైట్ కలిపితే రంగు తేలికవడంతో ఆగదు, చల్లబడుతుంది కూడా. అందులోని ఎరుపు, పసుపు వెచ్చదనం చచ్చిపోయి, గులాబీ మసి లాంటి పాలిపోయిన రంగు మిగులుతుంది. కానీ నల్లటి చర్మం వెలుతురులోకి తిరిగినప్పుడు జరిగేది దానికి ఉల్టా. వెలుగు పడిన చెంప మరింత వెచ్చగా, రాగి రంగులోకి వెళ్తుంది. చర్మంలోని మెలనిన్ నీలం వెలుతురును ఎక్కువగా, ఎరుపును తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి లోపలికి వెళ్లి తిరిగొచ్చే వెలుతురు ఎర్రగానే వస్తుంది. అందుకని తాతగారి ముఖంలో ఒక మెట్టు పైకి ఎక్కాలంటే ముందు ఓకర్, ఆ తరవాత రెడ్, అవి రెండూ చాలకపోతేనే వైట్. ఈ వరస గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

ఇక కలపడం. ముగ్గురికీ ఒకే ముదురు ముద్ద నుంచి మొదలుపెట్టండి. కుంకుడు గింజంత రంగును ఒక భాగం అనుకుంటే, బర్న్ట్ సియెన్నా 4 భాగాలు, అల్ట్రామెరైన్ 1, ఓకర్ 1. ప్యాలెట్ నైఫ్‌తో చారలు లేకుండా కలపండి. బ్రష్‌తో కలిపితే కుచ్చు మొదట్లో నీలం ఇరుక్కుని, చెంప మీద గీసేటప్పుడు బయటికొస్తుంది. బర్న్ట్ సియెన్నా అసలుకి ముదురు నారింజే, నీలం దానికి ఎదురు రంగు. అందుకే ఈ రెండూ కలిసి ఒకదాన్నొకటి అణిచి, నలుపు ట్యూబు అవసరం లేకుండానే ముదురునిస్తాయి. ఓకర్ కమ్ముదలకి, అంటే కింది తెలుపు కనిపించకుండా ఉండటానికి. చాలా కంపెనీల సియెన్నా పల్చగా, కింద ఉన్నది కనిపించేలా ఉంటుంది.

ఇంత ముదురు రంగులో ఏది ఎక్కువైందో కంటికి తెలియదు. నైఫ్ కొసతో కొంచెం తీసి, పక్కన రవ్వంత వైట్‌లో తొక్కి చూడండి. వెచ్చని మట్టిగోధుమ వస్తే సరిగ్గా ఉంది. నీలి బూడిద వస్తే సియెన్నా వెయ్యండి, ఇటుక గులాబీ వస్తే చిటికెడు నీలం. ఈ పరీక్ష చేసిన ముక్క పారేయండి, ముద్దలో మళ్లీ కలపకండి. ఆ కాస్త వైట్ చాలు నీడలన్నీ మసకబారడానికి.

తాతగారికి ఇందులోంచి నాలుగు రంగులు చేసుకోవాలి. నీడ వైపుకి, అంటే ఫోటోలో కుడి చెంప, కనుగుంట, ముక్కు పక్కన, గడ్డం కింద: ముద్ద 2 భాగాలకు అల్ట్రామెరైన్ పావు భాగం. ఇందులో వైట్ అసలు ఉండకూడదు. వెలుగూ నీడా కలిసే మధ్య భాగానికి: ముద్ద 3, ఓకర్ 1, రెడ్ మినపగింజంత. వెలుగు పడిన ఎడమ చెంప, ముక్కు పైభాగానికి: ఆ మధ్య రంగు 2 భాగాలకు ఓకర్ 1, రెడ్ ఇంకో మినపగింజంత, అప్పటికీ ముదురుగా ఉంటే వైట్ మినపగింజంత. కాడ్మియం రెడ్‌తో జాగ్రత్త, ఓకర్‌తో పోలిస్తే దాని బలం చాలా ఎక్కువ. అసలైనది కాకుండా ట్యూబు మీద 'హ్యూ' అని ఉన్నదైతే కొన్ని ఇంకా ఘాటుగా ఉంటాయి, కొన్ని పల్చగా ఉంటాయి, కాబట్టి కొసతోనే మొదలుపెట్టండి.

నాలుగోది మెరుపు. దీని లెక్క వేరు. నుదుటి ఎత్తు మీద, చెంప ఎముక మీద, ముక్కు కొసన కనిపించే ఆ వెలుగు చర్మం లోపలి నుంచి రాదు. జిడ్డు, చెమట ఉన్న పైపొర మీద నుంచి నేరుగా తిరిగొస్తుంది. ఆ మెరుపు తెల్లటివాళ్లకైనా నల్లటివాళ్లకైనా దాదాపు ఒకే మోతాదు. నల్లటి ముఖంలో చుట్టూ ఉన్నది ముదురు కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంతే. పైగా దాని రంగు వెలుతురు రంగే, చర్మం రంగు కాదు. మీ ఫోటోలో వెలుతురు ఆకాశానిది కాబట్టి మెరుపు నీలి బూడిదగా ఉండాలి: వైట్ 1 భాగం, అల్ట్రామెరైన్ సూది మొనంత, తాతగారి మధ్య రంగు మినపగింజంత. చర్మం రంగులో వైట్ గుప్పించి మెరుపు చేయాలని చూస్తే మళ్లీ ఆ బూడిదే. అంచులు కూడా గమనించండి. చెమట మెరుపుకి ఒక అంచు పదునుగా ఉంటుంది, రెండోది మెత్తగా పోతుంది. వేలితో అంతా చుట్టూ రుద్దేస్తే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. బూడిదరంగు అట్టముక్కకి పంచింగ్ మిషన్‌తో ఒక రంధ్రం కొట్టి, ఫోటోలో తాతగారి నుదుటి మీద పెట్టి చూడండి. చుట్టూ ముఖం కనిపించనప్పుడు అక్కడున్నది నీలం కలిసిన బూడిదని, చెవి తమ్మె దగ్గర పెడితే దాదాపు ఇటుకరంగని తెలుస్తుంది. ముఖమంతా చూస్తున్నంతసేపూ మనసు 'నలుపు, గోధుమ' అని పేరు పెట్టేస్తుంది, కన్ను అసలు రంగు చూడదు. ఫోన్లో తీసిన ఫోటో అయితే ఇంకో ఇబ్బంది: చాలా ఫోన్లు ముఖాలను వాటంతట అవే తెల్లబరుస్తాయి, లేదంటే నీడలను ఒకే నల్లముద్ద చేస్తాయి. తాతగారు మీకు అందుబాటులో ఉంటే అదే వరండాలో అదే వేళకి కూర్చోబెట్టి, కలిపిన రంగులు పూసిన అట్టముక్కను చెంప పక్కన పెట్టి పోల్చండి. దాన్ని మించింది లేదు. రాజమండ్రి వెళ్లే పని పడితే దామెర్ల రామారావు చిత్రశాలలో అసలు బొమ్మల ముందు నిలబడి, ఒంటి నీడల్లో ఏ రంగు వాడారో దగ్గరగా చూడండి. పుస్తకాల్లో అచ్చయిన రంగులను నమ్మడం కష్టం.

నీడ వైపు ఒక చిన్న విషయం. మన వైపు పెరట్లో కొబ్బరిచెట్లు, ఒంటి మీద తెల్ల పంచె, కండువా. వీటి వెలుతురు గడ్డం కిందికీ దవడ కిందికీ తిరిగి తగులుతుంది. పంచె నుంచి వచ్చేది వెచ్చగా లేతగా, ఆకుల నుంచి వచ్చేది పచ్చగా. నీడ రంగులో ఓకర్ రవ్వంత కలిపితే అదే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, ఎందుకంటే అందులో నీలం ఎటూ ఉంది. ఒక్క గీత చాలు, కానీ అది వెలుగు వైపు ఉన్న ఏ రంగు కన్నా కూడా లేతగా ఉండకూడదు. ఉంటే దవడ లోపలికి పోక బయటికి పొడుచుకొస్తుంది.

అమ్మమ్మ తేలిక. ముద్ద 1, ఓకర్ 2, వైట్ 1, రెడ్ మినపగింజంత. నీడకి ఇందులోనే ముద్ద పెంచండి. చామనఛాయలో నుదురు కాస్త పసుపుగా, చెంపలూ ముక్కూ చెవులూ ఎర్రగా ఉంటాయి కాబట్టి ముఖమంతా ఒకే రంగు పూసి తరవాత నీడలు దిద్దడం కన్నా, ఈ చోట్లన్నిటికీ ఓకర్, రెడ్ పాళ్లు మార్చి పక్కపక్కన పెట్టడం మంచిది.

పాపకి వైట్ 6, ఓకర్ ఒకటిన్నర, రెడ్ పావు, ముద్ద మినపగింజంత. ఆ మినపగింజంత ముద్ద మానేస్తే పాప మిగతా ఇద్దరి పక్కన అతికించినట్టు ఉంటుంది. మరీ గులాబీ అయితే ఓకర్, నీలం కలిసిన పచ్చని సూది మొనంత తగిలించండి, ఎరుపు అణుగుతుంది. పాప నీడలో బూడిదరంగు వాడకండి. పసిపిల్లల చర్మం పల్చన, నీడ అంచు ఎర్రగానే తిరుగుతుంది.

ఇక ఆక్రిలిక్ తిప్పలు. తడిగా ఉన్నప్పుడు ఇందులోని జిగురు పాలలా ఉంటుంది, ఆరాక పారదర్శకమవుతుంది. అందుకే ప్రతి రంగూ ఆరేసరికి ఒక పిసరు ముదురవుతుంది, మధ్య రంగుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ప్రతి మిశ్రమాన్నీ అట్టముక్క మీద పూసి, ఫ్యాన్ కింద ఆరనిచ్చి, ఆరిన దాన్నే ఫోటోతో పోల్చండి. తడి రంగుతో పోల్చి 'ఇంకా లేతగా ఉంది' అని ముదురు చేసుకుంటూ పోతే తాతగారు మళ్లీ బొగ్గే.

రోహిణి కార్తెలో ప్యాలెట్ మీద రంగు నిమిషాల్లో తోలు కడుతుంది. స్టీలు పళ్లెంలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు పెట్టుకుంటే పూటంతా నిలుస్తాయి. ముద్ద మాత్రం ఒకేసారి ముగ్గురికీ సరిపడా చేసి మూతున్న డబ్బాలో దాచండి. రెండోరోజు మళ్లీ కలిపితే అదే రంగు రాదు.

వేసే వరసలో ముందు కాన్వాస్ తెలుపును ఓకర్, సియెన్నా నీళ్లగా కలిపి పూసి చంపండి. తెల్లటి కాన్వాస్ మీద ఏ గోధుమరంగైనా అసలు కన్నా ముదురుగా కనిపిస్తుంది, మీరు తెలియకుండానే వైట్ కలిపేస్తారు. తాతగారి నీడ, మధ్య, వెలుగు రంగులు పల్చగా రెండు పూతలు వేయండి. మెరుపు అన్నిటికన్నా చివర. కనుగుడ్డు తెలుపులో ట్యూబు వైట్ నేరుగా పెట్టకండి. వైట్‌లో తాతగారి మధ్య రంగు కలిపి, నుదుటి మెరుపు కన్నా ఒక మెట్టు ముదురుగా ఉంచండి. కంటిలో తళుకు చుక్క ఒక్కటే దానికన్నా తెల్లగా ఉండాలి. నెరిసిన గడ్డానికి ముందు కింది చర్మం రంగు పూర్తిగా ఆరనిచ్చి, మెరుపు రంగునే నీళ్లు లేని పొడి బ్రష్‌తో వెంట్రుకలు పెరిగే దిశలో తాకీ తాకనట్టు లాగండి. తడి బ్రష్‌తో పెడితే అది గడ్డంలా కాదు, సున్నం పూసినట్టుంటుంది.