పలకరింపుకు వంక వెతకకండి

“మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాము. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటోంది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ తర్వాత మా మధ్య మాటలు లేవు. గొడవేమీ జరగలేదు. ఈమధ్య తను బాగా గుర్తొస్తోంది. ఊరికే ‘ఎలా ఉన్నావు’ అని రాస్తే ఏదో అవసరం పడి రాశాననుకుంటుందేమో. మావారు కూడా ‘పనేమీ లేకుండా మెసేజ్ ఏమిటి, అప్పు అడగబోతున్నావనుకుంటారు’ అన్నారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము కాబట్టి ఆ వంకతో రాయవచ్చా?”
— ఒక గృహిణి, విజయవాడ

రాయవద్దు. మీరు సంబంధం మాట ఎత్తిన మరుక్షణం ఆమె తన బంధువులలో పెళ్లికొడుకుల కోసం ఆలోచించడం మొదలుపెడుతుంది. ఇన్నేళ్లకు అవసరం పడితేనే గుర్తొచ్చానన్న సంగతి కూడా ఆమె మనసులో నిలిచిపోతుంది. మీరు దేనికి భయపడుతున్నారో దానిని మీ చేతులతో మీరే నిజం చేసినవారవుతారు.

మీ ఉత్తరంలో మీ స్నేహితురాలు మిమ్మల్ని తప్పుపట్టిన సందర్భం ఒక్కటి కూడా లేదు. అనుమానమంతా మీ ఇంట్లోదే. మీవారి స్నేహితులు ఆదివారం పూట వచ్చి కూర్చుంటే, ఏ పని మీద వచ్చారని మీరు ఎన్నడైనా అడిగారా? టీ పెట్టి ఇచ్చే ఉంటారు. పెళ్లయిన తరువాత మగవాడి స్నేహాలు స్నేహాలుగానే ఉండిపోయి, ఆడదాని స్నేహాలు మాత్రం పని ఉంటేనే నడవాలన్న పద్ధతిని నేను ఏనాడూ అంగీకరించలేదు. భర్తకు చెప్పి చేయడం మర్యాదే, కాని ఒక పలకరింపునకు ఆయన ఒప్పుకునే కారణం చూపవలసిన బాధ్యత మీకు లేదు.

పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం ఈ భయాన్నే పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించింది. 13 ప్రయోగాలలో 5,900 మందికి పైగా పాల్గొన్నారు. పలకరింపు అందుకున్నవారికి ఎంత సంతోషం కలుగుతుందో, పంపినవారు దానికంటే తక్కువగానే అంచనా వేశారు. అందుకున్నవారు తాము అనుకోకుండా ఒకరికి గుర్తొచ్చామన్న ఆశ్చర్యం మీదనే మనసు పెడతారు, పంపేవారు ఆ సంగతిని అంతగా తలచుకోరు. గొడవపడి విడిపోయిన వారికి దీనిని వర్తింపజేయమని నేను చెప్పను. మీ మధ్య అటువంటిదేమీ లేదు కదా.

అయితే మీవారి మాటలో ఒక్క అంశాన్ని పట్టించుకోవాలి. తెలిసినవారి పేరుతో వాట్సాప్‌లో డబ్బు అడిగే మోసాలు జరుగుతున్న రోజులివి. ఆమె ఫోనులో మీ నంబరు ఉందో లేదో కూడా తెలియదు. అందువలన రాసినది మీరేనని మొదటి వాక్యంలోనే తెలియాలి, మీ ఇద్దరికి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అందులో ఉండాలి. గుడ్‌మార్నింగ్ బొమ్మలూ లింకులూ పంపవద్దు, అవి అందరికీ పంపేవే. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

“ఏమే, నేనే, హాస్టల్లో నీ పక్క మంచం. ఇవాళ గోంగూర పచ్చడి నూరుతుంటే మీ అమ్మగారు పంపిన సీసాను గది మొత్తం ఒక్కరోజులో ఖాళీ చేయడం గుర్తొచ్చింది. పనేమీ లేదు, ఊరికే రాశాను. తీరిక ఉన్నప్పుడు మాట్లాడు.”

అందులో పచ్చడి బదులు మీకు నిజంగా గుర్తొచ్చినదే ఉండాలి. “పనేమీ లేదు” అన్న మాటను మాత్రం తీసివేయకండి, ఆమెకు రాగల అనుమానాన్ని అది ముందే తీరుస్తుంది. ఇన్నాళ్లు పలకరించనందుకు క్షమాపణలు కూడా వద్దు, అవి చదివిన మనిషి మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. అర్ధరాత్రి పూట పంపితే ఏమైందోనని కంగారుపడుతుంది కనుక, మధ్యాహ్నం భోజనాల తరువాత పంపండి.

ఒక్క టిక్కే కనిపించి రోజులు గడిస్తే నంబరు మారి ఉండవచ్చు, అప్పుడు పాత స్నేహితులలో ఎవరినైనా అడగండి. నీలం టిక్కులు పడినా జవాబు రాకపోతే కోపమని తీర్మానించుకోవద్దు. ఆ ఇంట్లో జబ్బో, పరీక్షలో, మరేదో ఉండవచ్చు. నెల రోజులు ఆగి మరొకటి రాయండి, వెంటవెంటనే ప్రశ్న గుర్తులు పంపవద్దు. దానికీ జవాబు లేకపోతే అంతటితో ఆపండి.

జవాబు వస్తే “ఏమిటి విశేషాలు?” అనే మొదలవుతుంది. విశేషమేమీ లేదని చెప్పి ఆమె సంగతులు అడగండి. పిల్లల గురించి ఆమె అడిగితే అమ్మాయి సంబంధాల మాట దాచనక్కరలేదు, కాని ఎవరినైనా చూడమని మాత్రం మొదటి సంభాషణలో అడగవద్దు. మీవారు ఎవరికి రాస్తున్నావని అడిగితే స్నేహితురాలి పేరు చెప్పండి. ఎందుకని అడిగితే, గుర్తొచ్చింది కనుక రాశానని చెప్పి మెసేజ్ పూర్తి చేయండి.