లేజర్ చేయిస్తే వెంట్రుకలు మళ్లీ రావా?

ప్రతి నెలా వ్యాక్సింగ్‌తో విసిగిపోయాను. లేజర్ చేయిస్తే చంకల్లో వెంట్రుకలు పూర్తిగా పోతాయా? అంత ఖర్చు పెట్టొచ్చా?

చాలావరకు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. నల్లగా, మందంగా ఉంటే మాత్రం ఖర్చు దండగ కాదు. వెంట్రుకలోని నల్లరంగు లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. ఎదుగుతున్న కుదుళ్లకే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. మిగతావి నిద్రలో ఉంటాయి కాబట్టి 4-6 వారాల ఎడంతో 6-8 సిటింగులు పడతాయి. ఆ తర్వాత కూడా ఏడాదికి ఒకటో రెండో అవసరం కావచ్చు.

ఉదాహరణకు సిటింగుకు 2,000 అనుకుంటే ఏడింటికి 14,000. నెలకు 200 పెట్టే వ్యాక్సింగ్‌తో అది సమానమవడానికి, ఏటా అవసరమయ్యే సిటింగులు కలపకపోయినా దాదాపు ఆరేళ్లు. డబ్బే లెక్కైతే రేజరే చవక. షేవింగ్‌తో వెంట్రుకలు మందంగా వస్తాయన్నది అపోహే, కోసిన కొన మొద్దుగా ఉండి అలా అనిపిస్తుందంతే.

చాలామంది చేసే పొరపాటు, సిటింగుకు ముందు వ్యాక్సింగ్. కుదురుతో సహా పీకేస్తే లేజర్‌కు పట్టు దొరకదు. ముందురోజు షేవింగ్ చాలు. తర్వాత వారం రెండు వారాల్లో గరుకుగా పైకొచ్చేవి కొత్తవి కావు, రాలిపోయేవే.

తెల్లవెంట్రుకలకు, సన్నని నూగుకు ఇది పనిచేయదు. చామనఛాయ, నల్లని చర్మానికి ఎన్‌డీ-యాగ్ లేజర్ సురక్షితం. వేరేదైతే కాలి మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. పీసీఓఎస్ వల్ల గడ్డం మీద వస్తుంటే, హార్మోన్లకు చికిత్స లేకుండా లేజర్ ఒక్కటే నిలవదు.