గోడ మందమైతే గుండెకు బలమా?

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా బీపీ ఉంది. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఎకో పరీక్షలో గుండె ఎడమ కింది గది గోడ 13 మిల్లీమీటర్లు ఉందని, మైట్రల్ కవాటం దగ్గర కొద్దిగా లీకు ఉందని రాశారు. గోడ మందంగా ఉంటే మంచిదే కదా? లీకైన రక్తం ఎక్కడికి పోతుంది?

జవాబు: గుండె గోడకు మూడు పొరలు. బయటి పొర పల్చనిది, దాని మీదుగానే గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు సాగుతాయి. లోపలి పొర నునుపుగా, రక్తాన్ని తాకుతూ ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న కండరమే అసలు గోడ. మీ అమ్మగారికి మందమైనది అదే.

ఆ కండరం అన్ని గదుల్లో ఒకేలా ఉండదు. ఒళ్లంతా తిరిగిన రక్తం కుడి పై గదికి చేరి, ట్రైకస్పిడ్ కవాటం దాటి కుడి కింది గదిలోకి దిగుతుంది. అక్కడి నుంచి పల్మనరీ కవాటం గుండా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అవి పక్కనే ఉంటాయి కాబట్టి ఆ గదికి కొద్దిపాటి ఒత్తిడి చాలు, గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లే. ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఎడమ పై గదికి వచ్చి, మైట్రల్ కవాటం గుండా ఎడమ కింది గదికి చేరుతుంది. ఆ గది అయోర్టిక్ కవాటం మీదుగా తల నుంచి కాలి వేళ్ల దాకా రక్తాన్ని నెట్టాలి. అందుకే దాని గోడ మహిళల్లో 6 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది.

బీపీ పెరిగితే ఆ గది రోజూ ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టాలి, కండరం బలిసి మందమవుతుంది. కానీ మందమైన గోడ బిరుసెక్కుతుంది. పిండడం బాగానే ఉన్నా, రెండు స్పందనల మధ్య సడలి రక్తాన్ని నింపుకోవడం కష్టమవుతుంది. అప్పుడు ఒత్తిడి వెనక్కి, ఎడమ పై గది మీదుగా ఊపిరితిత్తులకు పాకుతుంది. మెట్లెక్కితే ఆయాసం రావడానికి ఇదొక ముఖ్య కారణం. రక్తహీనత, ఊపిరితిత్తుల జబ్బు, కరోనరీ ధమనుల్లో అడ్డంకి కూడా కారణం కావచ్చు కాబట్టి వాటినీ పరీక్షించాలి.

మైట్రల్ కవాటానికి రెండు రెక్కలుంటాయి. కింది గది పిండినప్పుడు అవి పైకి తిరగబడకుండా సన్నని తంతువులు పట్టి ఉంచుతాయి. రెక్కలు పూర్తిగా మూసుకోకపోతే రక్తం ఎడమ పై గదిలోకే వెనక్కి చిమ్ముతుంది. అతి కొద్ది లీకు ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. దానికి భయపడవద్దు.

నాకు ఆందోళన కలిగించేది గోడే. బీపీని నెలల తరబడి అదుపులో ఉంచితే ఆ మందం చాలామందిలో కొంత తగ్గుతుంది, కాబట్టి మాత్రలు సొంతంగా ఆపనివ్వకండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే వెంటనే గుండె వైద్యుడిని కలవండి. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. రిపోర్టులో ఎడమ పై గది కొలత కూడా చూపించి అడగండి. అది పెరిగి ఉంటే, వెనకటి ఒత్తిడి చాలాకాలంగా ఉండి ఉండవచ్చు.