స్కాన్‌లో అంచులు తెగిపోయిన సేల్ డీడ్: హద్దుల్లో దేన్ని నమ్మొచ్చు?

ప్రశ్న: మా ప్లాట్ సేల్ డీడ్ స్కాన్ కాపీ మాత్రమే నా దగ్గరుంది. షెడ్యూల్ పేజీలో కుడి అంచు తెగిపోయి హద్దులు సగం సగమే కనిపిస్తున్నాయి. కనిపించేంత వరకు నమ్మొచ్చా?

జవాబు: కనిపించే ప్రతి అక్షరాన్నీ ఒకేలా నమ్మకూడదు. అంచుకు తగిలి ఆగిన మాటను అసంపూర్ణమనే లెక్కవేసుకోండి. చివరి అక్షరం తర్వాత అంచు దాకా ఖాళీ జాగా స్పష్టంగా మిగిలితేనే ఆ మాట అక్కడితో పూర్తయినట్టు.

అంచు తెగడానికి తరచూ కారణం కాగితం సైజే. లీగల్ సైజు కాగితం 216 × 356 మిల్లీమీటర్లు, ఏ4 కాగితం 210 × 297. లీగల్ కాగితాన్ని ఏ4 స్కానర్ మీద పెడితే వెడల్పులో పోయేది 6 మిల్లీమీటర్లే, అంటే రెండు మూడు అక్షరాలు. పొడవులో మాత్రం 59 మిల్లీమీటర్లు పోతాయి, అంటే అడుగున కొన్ని పంక్తులు పూర్తిగా పోయినట్టే. అందుకని కుడి అంచుతో పాటు నాలుగు దిక్కులూ ఉన్నాయో లేదో, తర్వాతి పేజీ వాక్యం మధ్యలోంచి మొదలవుతోందో చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 45వ నంబర్ ప్లాట్ షెడ్యూల్ ఇలా కనిపిస్తోందనుకోండి:

```
తూర్పు  : ప్లాట్ నంబర్ 4
దక్షిణం : 30 అడుగుల వెడ
పడమర  : ప్లాట్ నంబర్ 46
ఉత్తరం  : ... గారి ఇం
```

పడమర 46 తర్వాత తెల్లగా జాగా ఉంటే ఆ అంకె పూర్తయింది, నమ్మొచ్చు. తూర్పున 4 అంచుకు ఆనుకుని ఉంటే అది 4 కావచ్చు, 44 కావచ్చు, 4/ఏ కూడా కావచ్చు. ఇటు 46 కాబట్టి అటు 44 అనిపిస్తుంది గానీ, లేఅవుట్‌లో వరస మలుపు తిరిగే చోట నంబర్లు అలా రావు. ప్లాన్ చూసేదాకా దాన్ని ఊహ కిందే ఉంచండి.

దక్షిణంలో "వెడ" అంటే వెడల్పే, సందేహం లేదు. కానీ ఏమిటి వెడల్పు? లేఅవుట్ రోడ్డా, ఉమ్మడి బాటా? దారి హక్కు దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ మాటను మీరే పూరించకండి. ఉత్తరంలో "ఇ" పక్కన సున్నా కనబడుతోంది గనక అది "ఇల్లు" కాదు. "ఇంటి స్థలం" కావచ్చు, "ఇంటి గోడ" కావచ్చు. గోడ అయితే అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ సున్నా కూడా తెగిపోయి ఉంటే ఈ మాత్రం కూడా చెప్పలేం.

ఎడమ అంచు తెగితే చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే దిక్కుల పేర్లే పోతాయి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని రాసేవాళ్లున్నారు, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని రాసేవాళ్లూ ఉన్నారు. వరసను బట్టి దిక్కు అంటగడితే దక్షిణం రోడ్డు పడమరకు పోతుంది. సర్వే నంబర్‌లో మొదటి అంకె పోయినా అంతే: 145 కాస్తా 45 అయిపోతుంది, చూడటానికి లోపమేమీ కనబడదు.

విస్తీర్ణం మాత్రం సాధారణంగా నిలబడుతుంది, ఎందుకంటే దాన్ని అంకెల్లో, అక్షరాల్లో, చాలాసార్లు చదరపు మీటర్లలో కూడా రాస్తారు. "రెండు వందల చదరపు గజాలు" తెగినా "167.22 చ.మీ." మిగిలితే 200 గజాలే. కొలతలకూ దీన్ని వాడొచ్చు. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, తూర్పు పడమరలు 30 అడుగులైతే ఉత్తర దక్షిణాలు 60 రావాలి. ప్లాట్ దీర్ఘచతురస్రమైతేనే ఈ లెక్క. పైగా ఇది లెక్కగట్టింది, చదివింది కాదు. నోట్ రాసుకునేటప్పుడు రెంటినీ వేరువేరుగా రాయండి.

ఖాళీలు పూరించడానికి మొదట దస్తావేజుకు జతచేసిన ప్లాన్ చూడండి. తర్వాత లింకు డాక్యుమెంట్, అంటే అమ్మినవాళ్లు కొన్నప్పటి దస్తావేజు. మధ్యలో స్థలం ముక్కలైతే దాని హద్దులు మీకు వర్తించవు. పక్క ప్లాట్ దస్తావేజు దొరికితే మంచిది: మీ తూర్పు పొరుగువారి పడమర హద్దు మీ ప్లాటే అయ్యుండాలి. స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీలో హద్దులు ఉన్నా అవి టైపు చేసి ఎక్కించినవి, వాటితో సరిచూసుకోవచ్చు గానీ వాటినే ఆధారం చేసుకోకండి.

చివరికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం ఇచ్చి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాల్సిందే. స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకం నుంచి నకలు ఎవరైనా అడగొచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆఫీసు స్కాన్‌లోనే అంచు తెగి ఉంటే కాపీలోనూ అదే తెగుడు వస్తుంది. అందుకే ఫీజు కట్టేముందు స్క్రీన్ మీద షెడ్యూల్ పేజీ చూపించమనండి. అక్కడా తెగి ఉంటే ఒరిజినల్ ఎవరి దగ్గరుందో, లోన్ ఉంటే బ్యాంకులోనో, కనుక్కుని ఆ ఒక్క పేజీని పూర్తి సైజులో మళ్లీ స్కాన్ చేయించండి.