గంటల లెక్కా, మొత్తం ధరా?

“వెబ్‌సైట్ పనికి క్లయింటు ఒకే మొత్తం చెప్పమంటున్నారు. గంటల లెక్కన అడగడం మేలా?”

పనిని రెండుగా విడదీయండి. పేజీల సంఖ్య, డిజైను ఖరారైతే ఆ భాగానికి ఒకే మొత్తం చెప్పండి. త్వరగా ముగిస్తే ఆ లాభం మీదే. పాత సైటు నుంచి సమాచారం తరలించడం మాత్రం గంటల లెక్కనే ఒప్పుకోండి. తెరిచి చూసేదాకా అందులో ఏ చిక్కులున్నాయో క్లయింటుకే తెలియదు.

అసలు గండి సవరణల దగ్గర పడుతుంది. 40 గంటలనుకుని ధర చెప్పిన పని 60 గంటలు పడితే, గంటకు మీకు దక్కేది అనుకున్నదానిలో మూడింట రెండు వంతులే. అందుకే ధరలో రెండు విడతల సవరణలే కలిసి ఉన్నాయని, ఆపైన గంటకు ఇంతని ఒప్పందంలోనే రాయండి. “చిన్న మార్పే కదా” అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. గంటల పనికి గరిష్ఠ పరిమితి పెడితే క్లయింటు సులువుగా ఒప్పుకుంటారు. అది దగ్గరపడగానే పని ఆపి, మెయిల్‌లో అనుమతి తీసుకోండి.