కారు కరెంటుతో రెండు రాత్రులు గడిపాం, బోరు మోటారు మాత్రం నడవలేదు

ప్రశ్న: గాలివానకు కరెంటు రోజుల తరబడి పోతే మన ఎలక్ట్రిక్ కారుతో ఇంట్లో అన్నీ నడుపుకోవచ్చా? కారు బ్యాటరీ నుంచి బయటి సామాన్లకు కరెంటు ఇచ్చే వీటూఎల్ 3.3 కిలోవాట్లు అంటున్నారు, సరిపోతుందా?

ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, టీవీకి సరిపోయి ఇంకా మిగులుతుంది. బోరు మోటారుకు సరిపోదు. మీరు బ్యాటరీ పెద్దదా చిన్నదా అని చూస్తున్నట్టున్నారు. బ్యాటరీతో వచ్చే ఇబ్బంది తక్కువ. ఒక్క క్షణంలో ఎంత లాగుతున్నామన్నదే అసలు సంగతి. నేను ఇది మా బాపు ఆక్సిజన్ మెషిన్ ఆగిపోయిన రోజు నేర్చుకున్నాను.

మా ఇల్లు నల్గొండ టౌన్ దాటాక దేవరకొండ రోడ్డు వైపు ఉంటుంది. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి మా వైపు స్తంభాలు పడిపోయాయి. బాపుకు ఊపిరితిత్తుల జబ్బు, రాత్రంతా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడవాలి. అది 350 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ మీద పెడితే మూడు గంటలకు మించి రాదు. అందుకే కారును వాకిట్లోకి తెచ్చి, ఛార్జింగ్ పోర్టుకు అడాప్టర్ పెట్టి, కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లోపలికి లాగాను.

కారు బ్యాటరీ 45 యూనిట్లది. అప్పుడు 72 శాతం ఉంది. 30 శాతానికి రాగానే సప్లై ఆగిపోయేలా స్క్రీన్ మీద సెట్ చేశాను, ఎందుకంటే రాత్రి బాపుకు ఎక్కువైతే హాస్పిటల్‌కు పోవాల్సింది అదే కారులో. కాన్సంట్రేటర్, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు పెట్టాం. రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా నడిపితే 53 శాతానికి వచ్చింది. అంటే ఎనిమిదిన్నర యూనిట్లు. మేం పెట్టినవన్నీ కలిపి లెక్కేస్తే ఆరు యూనిట్ల చిల్లరే వస్తుంది. మిగతా రెండు యూనిట్లు కారే తిన్నది. వీటూఎల్ నడుస్తున్నంతసేపు కారులో కంప్యూటర్లు, రిలేలు మేలుకునే ఉంటాయి. మీరు ఒక్క ఫ్యాన్ పెట్టినా ఆ ఖర్చు తప్పదు. షోరూంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు, "ఇల్లంతా నడుస్తది సార్" అని మాత్రం అంటారు.

పొద్దున ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. మా బోరు మోటారు ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. నేను లెక్కేసుకున్నాను: నడిచేటప్పుడు అది రెండు కిలోవాట్లు కూడా లాగదు, మిగతా లోడు కలిపినా మూడు దాటదు, కారు 3.3 ఇస్తుంది కదా అని. స్టార్టర్ డబ్బాకు కారు లైను కలిపించి పచ్చ బటన్ నొక్కాను. ఒక్కసారి ఊం అన్నది. అంతే, ఇంట్లో అన్నీ ఆగిపోయాయి. లోపలి గదిలోంచి కాన్సంట్రేటర్ అలారం మోగింది. అమ్మ "బాపు మెషిన్ ఆగిందిరా" అని అరిచిన గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చిన్న సిలిండర్ పక్కనే ఉంది కాబట్టి బాపుకు అది పెట్టి, కారు దగ్గరికి ఉరికి, మోటారు వైరు పీకేసి, స్క్రీన్ మీద వీటూఎల్ మళ్లీ ఆన్ చేశాను. రెండు మూడు నిమిషాలు పట్టింది.

ఎందుకు అలా అయిందంటే, మోటారు తిరగడం మొదలయ్యే ఆ క్షణంలో అది నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మా మోటారు నడిచేటప్పుడు తొమ్మిది ఆంపియర్లు, లేచేటప్పుడు నలభై పైనే. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ కుదుపు లెక్కలోకి రాదు, లైట్లు ఒకసారి మినుక్కుమంటాయి, అంతే. కారులో ఉన్నది ఎలక్ట్రానిక్ ఇన్వర్టర్. 3.3 కిలోవాట్లంటే 14 ఆంపియర్లు. హద్దు బాగా దాటితే తనను తాను కాపాడుకోవడానికి సెకను కూడా ఆగకుండా కట్ చేసేస్తుంది. బ్యాటరీ నిండా ఉన్నా దీనికి లాభం లేదు. ఫ్రిజ్ కంప్రెసర్ చిన్నది కాబట్టి లేస్తుంది. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా వేగం పెంచుకుంటుంది కాబట్టి అది కూడా లేస్తుంది. పాత రకం ఏసీలకు, బోరుకు మాత్రం ఇదే గతి. సంపులోంచి ట్యాంకుకు ఎక్కించే అర హెచ్‌పీ మోటారు మాది లేచింది, అది కూడా మిగతావన్నీ తీసేసి పెడితేనే. పొలం దగ్గర ఐదు హెచ్‌పీ మోటారు గురించి అడిగేవాళ్లు ఉంటారు. అది త్రీ ఫేజ్, కారు ఇచ్చేది సింగిల్ ఫేజ్, దాని గురించి ఆలోచించనే వద్దు.

రెండో రాత్రి పద్ధతి మార్చాను. కాన్సంట్రేటర్‌ను ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టి, ఆ ఇన్వర్టర్ ప్లగ్గును కారు బోర్డులో పెట్టాను. ఇప్పుడు కారు ట్రిప్ అయినా ఇన్వర్టర్ బ్యాటరీ వెంటనే అందుకుంటుంది, మెషిన్ ఆగదు. ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లు దయచేసి మెషిన్‌ను నేరుగా కారుకు తగిలించకండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఆ పొద్దున మోటారు వైరు కలిపిన మా వాడకట్టు ఎలక్ట్రీషియన్ తమ్ముడు, "అన్నా, రెండు దిక్కులా పిన్నులున్న వైరు చేసిస్తా, ఒకటి కారుకు, ఒకటి గోడ సాకెట్‌కు గుచ్చితే ఇల్లంతా వస్తది" అన్నాడు. మెయిన్ ఆఫ్ చేస్తే చాలట. ఎవరో మర్చిపోయి ఆ మెయిన్ పైకి ఎత్తితే మన కారు కరెంటు మీటరు దాటి బయటి లైనులోకి పోతుంది. మా గల్లీ చివర అప్పటికే లైన్‌మన్ స్తంభం మీద ఉన్నాడు, లైను చచ్చిపోయి ఉందన్న నమ్మకంతో తీగ పట్టుకున్నాడు. ఆ మనిషికి ఇంట్లో పిల్లలుంటారు. పైగా గోడలో గుచ్చకముందే కారు ఆన్ అయి ఉంటే రెండో వైపు పిన్నులు బయటికి కనిపిస్తూ 230 వోల్టులతో ఉంటాయి. నేను ఆ వైరు చేయనివ్వలేదు. మీరు కూడా చేయనివ్వకండి. ఇంటి వైరింగ్‌కే కలపాలనుకుంటే ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి. దాంతో ఒకటి కలిస్తే రెండోది తప్పకుండా విడిపోతుంది, మర్చిపోవడానికి వీలుండదు.

అది పెట్టించేదాకా బోర్డులే వాడండి. వైరు రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగిది తీసుకోండి, చుట్ట మొత్తం విప్పి పరచండి. చుట్టలా ఉంచి ఎక్కువ లోడు లాగితే వేడి బయటికి పోలేక లోపలి పొరలు మెత్తబడతాయి. అరగంట తర్వాత చేత్తో పట్టి చూడండి, గోరువెచ్చన దాటితే లోడు తగ్గించండి.

మేం ఆ జూన్‌లో చేంజోవర్ పెట్టించి, హాలు, రెండు గదులు, ఫ్రిజ్ మాత్రమే దాని మీదికి తెచ్చాం. బోరును కలపలేదు. ఇప్పుడు మబ్బు పట్టిందంటే అమ్మ ముందు బోరు వేసి ట్యాంకు నింపిస్తుంది, నేను కారును 80 శాతం దాకా ఛార్జింగ్‌కు పెడతాను.