‘నువ్వు మా అమ్మవి కాదు’ అన్న పాపతో ఎలా మెలగాలి?

నా వయసు 33. నాకిది మొదటి పెళ్లి, ఆయనకు రెండోది. ఆయన మొదటి భార్య క్యాన్సర్‌తో పోయి మూడేళ్లయింది. మా పెళ్లయి ఎనిమిది నెలలు. ఆయన కూతురికి 12 ఏళ్లు. నేను పెట్టిన లంచ్ బాక్సు ముట్టకుండా తిరిగి తెస్తుంది. అమ్మమ్మ ఊరికి వెళ్లొస్తే వారం రోజులు నా ముఖం చూడదు. అత్తగారు ‘అమ్మా అని పిలవవే’ అని రోజూ దాని వెంట పడతారు. ఇంటికి రంగులు వేయించినప్పుడు హాల్లోంచి తీసిన వాళ్లమ్మ ఫొటో మళ్లీ పెట్టలేదు. పెళ్లిలో అత్తగారు ఆవిడ గాజులు నాకు వేశారు, అవే వేసుకుంటున్నాను. మొన్న రాత్రి పదకొండింటికి ఫోను చూస్తుంటే లాక్కున్నాను. ‘నువ్వు మా అమ్మవి కాదు’ అని అరిచింది. మావారు పక్క గదిలోనే ఉన్నారు, లేచి రాలేదు. నేనేం చేయాలి?
– ఒక సోదరి, ఏలూరు

పాప అన్నది నిజం. మీరు వాళ్ల అమ్మ కారు, కానక్కర్లేదు కూడా. ఈసారి ఆ మాట వస్తే, ‘అవును, కాను. మీ అమ్మ మీ అమ్మే’ అని మామూలు గొంతుతో అనండి. ఎదురు వాదన లేకపోతే ఆ మాటకు పదును తగ్గుతుంది.

తొమ్మిదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న పిల్లకు ఆ గొంతు, ఆ చేతివంట గుర్తుంటాయి. అవి మెల్లగా మసకబారుతున్నాయన్న భయమూ ఉంటుంది. మీ పప్పు రుచిగా ఉందని ఒప్పుకుంటే అమ్మకు అన్యాయం చేసినట్టే అనిపిస్తుంది. అందుకే మీరు ఎంత ప్రేమగా పెడితే ఆ బాక్సు అంత నిండుగా తిరిగొస్తుంది. అమ్మమ్మ ఊళ్లో అందరూ వాళ్లమ్మ కబుర్లే చెబుతారు. మీ ఇంట్లో ఆ పేరెత్తేవారు లేరు, ఫొటో కూడా లేదు. అక్కడినుంచి రాగానే ఆ తేడా తగులుతుంది. ఆ వారం కోపమంతా దాని గురించేనని నా అనుమానం.

కాబట్టి మొదట ఫొటో. ఎక్కడ పెట్టాలో పాపను అడిగి, తండ్రీ కూతురూ కలిసి మేకు కొట్టుకోవాలి. మీరు ఆ పూట వంటింట్లో ఉండండి. తర్వాత గాజులు. అవి తీసేయండి. మీకు మర్యాద చేయాలనే అత్తగారు వేసి ఉంటారు, కానీ అన్నం వడ్డించే చేతికి అమ్మ గాజులు కనబడితే ఆ పిల్లకు ముద్ద దిగదు. చట్టం ప్రకారం చూసినా అవి మీకిచ్చే హక్కు అత్తగారికి లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన స్త్రీ ఆస్తికి మొదటి వారసులు ఆమె పిల్లలు, భర్త. వాటిని బ్యాంకు లాకరులో పెట్టి, ‘ఇవి మీ అమ్మవి, నీకోసం దాచాను’ అని తండ్రే చెప్పాలి. అదే మాట అమ్మమ్మకూ ఆయనే ఫోను చేసి చెబితే, ఆ ఇంట్లో మీమీద ఉన్న అనుమానం సగం తగ్గుతుంది.

ఇక ఫోను గొడవ. రాత్రి పదకొండింటికి 12 ఏళ్ల పిల్ల చేతిలో ఫోను ఉండకూడదన్నది సరే. అయితే లాక్కోవడం మీ పని కాదు, లేచి రావలసింది మీవారు. భార్య పోయాక కూతురిని కాదనలేక కాదనలేక చాలామంది మగవాళ్లు ఇలాగే మెత్తబడిపోతారు. తీరా పెళ్లయ్యాక ఆ కాదనే పని కొత్త భార్య నెత్తిన పడుతుంది. మొదటి ఒకటి రెండేళ్లు చదువు, ఫోను, నిద్రవేళల నియమాలన్నీ ఆయన నోటినుంచే రావాలి.

అదెలాగంటే, ఆదివారం ముగ్గురూ కూర్చున్నప్పుడు ఆయన చెప్పాలి: ‘తొమ్మిదిన్నరకు ఫోను హాల్లో ఛార్జింగుకు పెట్టాలి. నాది కూడా అక్కడే ఉంటుంది. నేను లేని రోజున పిన్ని గుర్తుచేస్తుంది.’ ఆయన ఊళ్లో లేనినాడు మీరు ఒక్కసారే, ‘తొమ్మిదిన్నరైంది, మీ నాన్న చెప్పిన టైము’ అనండి. పెట్టకపోతే లాక్కోవద్దు, గొంతు పెంచవద్దు. ‘రేపు నాన్నతో చెబుతాను’ అని పాపతోనే చెప్పి, నిజంగా చెప్పండి. ఆయన మర్నాడు పట్టించుకోకపోతే మాత్రం ఈ ఏర్పాటంతా దండగ. అప్పుడు మీరు పోట్లాడవలసింది పాపతో కాదు, ఆయనతో.

ఆయన చేయవలసింది ఇంకొకటుంది. వారానికి ఒక పూట కూతురితో ఒంటరిగా గడపాలి, మీరు వెంట వెళ్లకూడదు. ముగ్గురూ కలిసి సినిమాకు వెళితే దగ్గరవుతారనుకుంటారు గానీ, ముగ్గురు ఉన్నచోట తనే మిగిలిపోయినట్టు పిల్లకు అనిపిస్తుంది. నాన్న తనకు దక్కుతాడన్న నమ్మకం కుదిరాకే మీవైపు చూడగలుగుతుంది.

పిలుపు సంగతి అత్తగారితో మీరు మాట్లాడవద్దు, కొడుకు చెబితేనే వింటారు. ‘పిన్ని’ అన్నా, ‘ఆంటీ’ అన్నా, కొన్నాళ్లు ఏమీ అనకపోయినా ఊరుకోండి.

బాక్సు తెరిచి చూసి ఎందుకు తినలేదని అడగడం మానేయండి. వాళ్లమ్మ చేసే వంటలు మీరు పోటీగా చేయవద్దు. రేపటికి ఏం పెట్టమంటావని రాత్రి ఒక్క మాట అడిగి, చెప్పింది పెట్టండి. చెప్పకపోతే ఇంట్లో అందరికీ వండిందే పెట్టండి. వదిలేసి తెచ్చినా మర్నాడు మామూలుగానే కట్టివ్వండి.

మీరు రాయని విషయం ఒకటుంది. 12 ఏళ్లంటే పాప ఏ నెలలోనైనా పెద్దమనిషి కావచ్చు. ఇప్పటికే అయి ఉంటే ఎవరు చూసుకున్నారో తెలుసుకోండి. కాకపోతే బాత్‌రూమ్ అలమరలో ప్యాడ్లు పెట్టి, ‘అక్కడ ఉన్నాయి, ఎలా వాడాలో కావాలంటే చెబుతాను’ అని ఒక్క ముక్క అని వదిలేయండి. ఆ రోజు పక్కన ఎవరుండాలో పాపే చెప్పాలి. అమ్మమ్మ కావాలంటే వెంటనే పిలిపించండి. అత్తగారు ఫంక్షను అని హడావిడి మొదలుపెడితే, పాపకు ఇష్టమేనా అని ముందు తండ్రి అడగాలి. పీటల మీద కూర్చోబెట్టే వేళ అమ్మలేని లోటు అందరికంటే ఆ పిల్లకే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఎనిమిది నెలలు చాలా తక్కువ సమయం. మారుటి కుటుంబాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా మనస్తత్వవేత్త పాట్రీషియా పేపర్నో, త్వరగా కుదురుకున్న ఇళ్లకు కూడా నాలుగేళ్లు పట్టిందని గమనించారు. ఈలోగా మార్పు చిన్నచిన్న పనుల్లో కనిపిస్తుంది. యూనిఫాం గుండీ ఊడిందని మీ ముందు పడేసి వెళ్లవచ్చు. కాస్త చనువు పెరిగిన మర్నాడే మళ్లీ ముఖం తిప్పుకోవచ్చు కూడా. మీకు దగ్గరై తప్పు చేశానన్న భావం అలా చేయిస్తుంది, వెనక్కి పోయామనుకోవద్దు.

కోపం వేరు, కుంగుబాటు వేరు. మీ దగ్గరే కాకుండా స్నేహితులతోనూ మాట్లాడకపోవడం, ఎవరు పెట్టినా తినకపోవడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించండి. ‘అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను’ అన్నా, చేతుల మీద కోతలు కనిపించినా ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీకు బిడ్డ కావాలన్న ఆలోచన ఉంటే అది మీ హక్కే, దానికి పాప అనుమతి అక్కర్లేదు. కానీ ఆ కబురు చుట్టాల నోట కాకుండా, అందరికంటే ముందు తండ్రి నోట వినాలి. ఆమె గది, ఆమె మంచం ఎవరికీ పోవని కూడా ఆయన అప్పుడే చెప్పాలి.